ఈగ కాళ్లకు అంటుకొచ్చేది ఏంది?

(పాలకుర్తిలో హాస్టల్ విద్యార్థులు, వంట కార్మికులు, సంఘం కార్యకర్తలు కూడిన చోట చేసిన ప్రసంగ పాఠం)

 

పండిన గింజ ఎవరిదన్న కొట్లాట జరిగిన గడ్డ ఈ పాలకుర్తి. చాకలి ఐలమ్మ తన గింజ తన ఇంటికి చేరాలని నిలబడ్డది ఇక్కడే. ఇయ్యాల మనం మాట్లాడుకునేది ఆ గింజ అన్నమై మన పిల్లల పళ్లెంలోకి వచ్చేలోపల దాని మీద ఏం వాలుతున్నది, ఎక్కడి నుంచి వచ్చి వాలుతున్నది అన్న సంగతి. ఈగ, బొద్దింక ముచ్చటే గదా అని నవ్వకండి. హాస్టల్లో ఉండేది మన మాదిగ, మాల, లంబాడ, బీసీ పిల్లలు. వాళ్లకు విరేచనాలు పట్టుకుంటే వచ్చే మొదటి మాట ఏంది? "పిల్లలు బయట ఏదో తిని వచ్చిండ్రు." రెండో మాట, "వీళ్లకు శుభ్రం తెలియదు." ఈ రెండు మాటలకు జవాబు చెప్పాలంటే రోగం ఏ దారిన వచ్చిందో మనకు తెలిసి ఉండాలి.

ముందుగా ఒక తేడా చెప్పుకుందాం. 2024 నవంబర్లో నారాయణపేట జిల్లా మాగనూరు బడిలో మధ్యాహ్న భోజనం తిన్న పిల్లలు ఆస్పత్రి పాలయ్యారు. కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లా వాంకిడి గిరిజన ఆశ్రమ పాఠశాల విద్యార్థిని ఒకామె వారాల తరబడి చికిత్స పొంది, అదే నెలలో చనిపోయింది. ఇవి ఈగల వల్ల జరిగినవని మేము అనడం లేదు. హాస్టల్లో పిల్లలు జబ్బు పడగానే అన్నింటికీ ఒక్కటే పేరు పెట్టి "ఫుడ్ పాయిజన్" అంటున్నారు, అది సరికాదని మాత్రమే చెప్తున్నాం. అన్నం తిన్న గంట నుంచి ఆరు గంటల లోపల ఒకే బంతిన తిన్నవాళ్లు చాలామంది ఒక్కసారే వాంతులు చేసుకుంటే, ఆ వంటలోనే విషం పుట్టిందని అనుమానించాలి. పొద్దున వండి సాయంత్రం దాకా ఉంచిన కూరలో, అన్నంలో ఇట్లా జరుగుతది. అట్లా కాకుండా ఇయ్యాల ఇద్దరు, రేపు నలుగురు, ఎల్లుండి ఇంకో గదిలో ముగ్గురు, జ్వరం, కడుపులో మెలిపెట్టే నొప్పి, జిగట, నెత్తురు కలిసిన విరేచనాలు వస్తుంటే అది వేరే రోగం. దాన్ని జిగట విరేచనాలు అంటాం. దాని క్రిమి పేరు షిగెల్లా. అది లోపలికి పోయిన ఒకటి నుంచి మూడు రోజులకు బయటపడుతది. చేతుల నుంచి, నీళ్ల నుంచి వస్తది, ఈగ నుంచి కూడా వస్తది.

ఈగ ఎట్లా మోస్తది? ఈగకు పళ్లు లేవు, కొరకలేదు. దాని మూతి ఒక స్పంజి ముక్క లాంటిది, తడిని పీల్చుకోవడమే దానికి తెలుసు. చక్కెర పలుకు మీద వాలిందనుకోండి, ముందు తన కడుపులోని తడిని దాని మీద కక్కుతది, కరిగినంక పీలుస్తది. అంటే ఈగ మన అన్నం మీద వాలి తినే ముందర, ఇంతకుముందు తిన్నదాంట్లో కొంత దాని మీద కక్కుతది. తింటూనే మలం విడుస్తది. గోడ మీద, కరెంటు తీగ మీద కనబడే లేత రంగు చుక్కలు దాని కక్కు, నల్ల చుక్కలు దాని మలం. ఇది కాక కాళ్ల నిండా, ఒంటి నిండా సన్నని వెంట్రుకలు ఉంటయి. పాదాలకు జిగట మెత్తలు ఉంటయి. దొడ్డిలో దిగినప్పుడు వాటికి అంటుకున్నది పప్పులో దిగినప్పుడు వదులుతది. కాళ్లకు అంటిన క్రిమి కొన్ని గంటలు బతుకుతది. కడుపులోకి పోయింది కొన్ని రోజులు బతుకుతది. దోమ సంగతి వేరు. మలేరియా క్రిమి దోమ ఒంట్లో పెరిగి, మారి, అప్పుడు మనిషికి ఎక్కుతది. ఈగ ఒంట్లో షిగెల్లాకు అట్లాంటి పెంపకం అవసరం లేదు. ఈగ ఒట్టి మోతగాడు. అందుకే దానికి మోయడానికి ఏమీ దొరకకుండా చేస్తే దాని ప్రమాదం సగం పోతది.

మరి ఒక్క ఈగ కాలికి అంటింది ఎంత ఉంటది, దాంతోనే రోగం వస్తదా అని అడగొచ్చు. ఇక్కడే షిగెల్లా మిగతా వాటికి భిన్నం. కలరా పట్టాలంటే క్రిములు లక్షల్లో లోపలికి పోవాలి. షిగెల్లాకు పది నుంచి వంద క్రిములు చాలు. ఈగ కాలు మోయగలిగేది అంతే, సరిపోతది. ఇగ మిగతా క్రిముల సంగతి ఏందంటే, అవి తక్కువ మోతాదులో దిగినా మన వంటలో పెరుగుతయి. గోరువెచ్చని పప్పులో అనువుగా ఉంటే ఇరవై నిమిషాలకు ఒకటి రెండవుతది. పది క్రిములు దిగినయనుకోండి. గంటకు మూడుసార్లు రెట్టింపు, నాలుగు గంటలకు పన్నెండుసార్లు. లెక్క వేస్తే నలభై వేలు దాటుతది. పదకొండు గంటలకు వండిన పప్పును మూత లేకుండా మూడు గంటలకు వడ్డిస్తే జరిగేది ఇదే. అందుకే మూత ఎంత ముఖ్యమో, వండినంక రెండు గంటల లోపల వడ్డించడం అంతే ముఖ్యం.

ఇది పుస్తకాల్లో ఊహించి రాసింది కాదు. 1898లో అమెరికా స్పెయిన్‌తో యుద్ధం చేసినప్పుడు అమెరికా సైనికుల శిబిరాల్లో టైఫాయిడ్ పాకింది. 20 వేల మందికి పైగా పడ్డారు, 1,500 మందికి పైగా చనిపోయారు. శత్రువు తూటాలకు పోయినవాళ్ల కంటే ఇట్లా పోయినవాళ్లే ఎక్కువ. విచారణకు వేసిన డాక్టర్లు ఒక సంగతి కళ్లారా చూశారు. దొడ్డి గుంతల్లో సున్నం చల్లారు. కాసేపటికి భోజనాల గుడారంలో అన్నం మీద నడుస్తున్న ఈగల కాళ్లు తెల్లగా ఉన్నయి. ఆ తెలుపు సున్నానిది. దొడ్డికీ పళ్లేనికీ మధ్యన దారి ఎంత దగ్గరో ఆ సున్నం రాసి చూపింది.

అయితే ఈగలను తగ్గిస్తే నిజంగా రోగం తగ్గుతదా? ఇదీ పరీక్షించి చూశారు. 1988లో ఇజ్రాయెల్ సైనిక శిబిరాల్లో ఒకచోట ఎరపెట్టిన బోనులతో ఈగలను గట్టిగా పట్టారు, ఇంకోచోట పట్టలేదు. పట్టిన చోట షిగెల్లా రోగంతో వైద్యానికి వచ్చేవాళ్లు 85 శాతం తగ్గారు. మొత్తం విరేచనాలు మాత్రం 42 శాతమే తగ్గినయి. ఈ రెండో అంకెను కూడా గుర్తుపెట్టుకోవాలి. ఈగను పట్టినంత మాత్రాన పని అయిపోలేదు. చేతులు, నీళ్లు అనే దారులు ఇంకా తెరిచే ఉంటయి. అందుకే దొడ్డికి పోయి వచ్చినోళ్లకు, వండేటోళ్లకు సబ్బు, నీళ్లు ఉండాల్సిందే. విరేచనాలు పట్టిన వంటమనిషికి తగ్గినంక కూడా రెండు రోజులు వంట పని తప్పించాలి, జీతం కోయకుండా తప్పించాలి. జీతం కోస్తే రోగం దాచుకుంటరు. దాచిన రోగం వంటింట్లోకే వస్తది.

ఇప్పుడు మన హాస్టల్ దగ్గరికి వద్దాం. నూట యాభై మంది పిల్లలున్న హాస్టల్ ఒకటి అనుకుందాం. వెనక గిన్నెలు కడిగే తొట్టి, దాని నుంచి పారే మోరి, మోరి చివర మురుగు గుంత. పక్కన మిగిలిన అన్నం, కూరగాయల తొక్కలు వేసే కుప్ప. గోడ అవతల ఒక రైతు పెంటకుప్ప. పంచాయతీ ట్రాక్టర్ వారానికి ఒకసారి, సోమవారం పొద్దున వచ్చి కుప్ప ఎత్తుకపోతది. అయినా వంటింట్లో ఈగలు ముసురుతున్నయి. "కుప్ప ఎత్తించినా తగ్గడం లేదు, మేమేం చేయాలె" అని వార్డెన్ అంటడు. ఎందుకు తగ్గవో లెక్క వేద్దాం.

సోమవారం ట్రాక్టర్ పోయినంక వేసిన తడి చెత్త మీద ఈగ గుడ్లు పెడుతది. ఒక్క కాన్పుకు వంద దాకా పెడుతది, అట్లా చాలాసార్లు పెడుతది. మన ఎండలకు మంగళవారానికే గుడ్డు పగిలి తెల్ల పురుగు వస్తది. నాలుగైదు రోజులు కుప్పలోనే తిని బలుస్తది. శని, ఆదివారాలకు బలిసిన పురుగు తడిని వదిలి పొడి జాగా వెతుక్కుంటూ కుప్ప అంచుకు పాకి, పక్కన మట్టిలోకి దూరుతది. అక్కడ గట్టి పెంకు లోపల నిద్ర పోతది. మళ్లీ సోమవారం ట్రాక్టర్ వచ్చి కుప్ప ఎత్తుకపోతది గానీ పురుగులు అప్పటికే కుప్పలో లేవు, మట్టిలో ఉన్నయి. నాలుగైదు రోజులకు, అంటే గురు, శుక్రవారాలకు ఈగలై లేస్తయి. ట్రాక్టర్ చెత్తను తీసుకపోయింది, ఈగలను మనకే వదిలిపెట్టింది.

దీన్ని మీరే చూడొచ్చు. కుప్ప అంచున రెండు మూడు వేళ్ల లోతు మట్టి తవ్వండి. గోధుమ గింజ కంటే కొంచెం చిన్నగా, ఎర్రగోధుమ రంగు పీపాల్లాంటివి గుప్పెడు దొరికితే మీ హాస్టల్లో ఈగలు పుట్టేది అక్కడే. దొరకకపోతే పుట్టుక ఇంకో చోట ఉంది. పెంటకుప్ప అంచున, మోరి బురదలో, కుడితి గోలెం కింద తవ్వి చూడాలి.

మరి చేయాల్సింది ఏంది? వారానికి ఒకసారి ఎత్తేది రెండుసార్లు చేయాలి, సోమవారం, గురువారం. అట్లా చేస్తే కుప్పలో ఏ గుడ్డు కూడా మూడు నాలుగు రోజులకు మించి వయసు ఉండదు. పురుగు ఇంకా చెత్తలోనే ఉంటది, చెత్తతోనే పోతది. మందు లేదు, మాకు లేదు, ఒక్క ట్రిప్పు ఎక్కువ, అంతే. కుప్ప ఎత్తినప్పుడు కింది తడి మట్టిని కూడా గీకి తీయాలి. కుప్ప నేల మీద కాకుండా మూత బిగిసే డ్రమ్ములో ఉంటే ఇంకా మంచిది, కానీ మూత విరిగిన డ్రమ్ము డ్రమ్ము కాదు. ట్రాక్టర్ రెండోసారి రాదంటే గుంత తవ్వి పూడ్చండి. ఏ రోజు చెత్త మీద ఆ రోజు జానెడు మట్టి వేసి, పారతో కొట్టి గట్టి చేయాలి. వదులు మట్టి చాలదు. పుట్టిన ఈగ వదులు మట్టిని చీల్చుకొని పైకి వస్తది.

గోడ అవతల పెంటకుప్ప రైతుది, ఎరువు అతనికి బంగారం, తీసేయమంటే తీయడు. తీయాల్సిన పని లేదు. పెండ పోసిన చోట పెద్ద ప్లాస్టిక్ పట్టా కప్పి అంచులు మట్టితో బిగిస్తే లోపల వేడి పుడుతది. యాభై డిగ్రీల దగ్గరికి వేడెక్కితే పురుగు బతకదు. ఎరువుకు నష్టం లేదు. అంచుల దగ్గర చల్లగా ఉంటది కాబట్టి పురుగులు అక్కడికి చేరుతయి, అక్కడ కోళ్లను వదిలితే ఏరుకుంటయి. ఈగ రెండు మూడు కిలోమీటర్లు కూడా పోగలదు గానీ తిండి దగ్గరుంటే దూరం పోదు, ఎక్కువ ఈగలు అర కిలోమీటర్ లోపలే తిరుగుతయి. కాబట్టి ముందు దగ్గరి కుప్పలను చూసుకోవాలి. కుడితి గోలెం ఉంటే దానికి చెక్క మూత పెట్టి రోజూ ఖాళీ చేయాలి.

ఇగ దొడ్డి. మరుగుదొడ్లు నీళ్లు లేక మూసి ఉంటే పిల్లలు బయటికి పోతరు. ఎండలో ఉన్న మలం మీద దిగిన ఈగ పది నిమిషాలకు వంటింట్లో ఉంటది. 1898 సున్నం కథ మళ్లీ జరుగుతది. గుంత దొడ్డి అయితే దాని గొట్టం పైన సన్నని జాలి కట్టాలి. గుంతలో ఈగ వెలుతురు చూసి గొట్టంలో ఎక్కి జాలి దగ్గర ఇరుక్కుంటది. జాలి చినిగితే ఆ గొట్టమే ఈగలకు దారి అవుతది.

వంటింటి కిటికీలకు, తలుపులకు జాలి కావాలి. దోమ జాలి ఏదైనా ఈగను ఆపుతది. తలుపు బయటికి తెరుచుకొని దానంతటదే మూసుకునేట్టు స్ప్రింగ్ ఉండాలి. లోపలికి తెరిస్తే తలుపు మీద కూచున్న ఈగలను మనమే లోపలికి తోసుకొస్తం. బగోనెల మీద సరైన మూతలు, కడిగిన పళ్లేలు బోర్లించి ఎత్తున పెట్టడం, తడి మసిగుడ్డలు రాత్రికి ఉతికి ఆరేయడం. ఇంతకు మించి లేదు.

బొద్దింక సంగతి కొంచెం వేరు. ఈగది పగటి రాజ్యం, బొద్దింకది రాత్రి రాజ్యం. వంటింట్లో రెండు రకాలు కనబడతయి. మోరిలో నుంచి వచ్చే పెద్దది ఒకటి, పొయ్యి వెనక, గ్రైండర్ కింద ఉండే చిన్న లేత గోధుమ రంగుది ఒకటి. మోరిలో నడిచిన కాళ్లతో రొట్టె మీద నడుస్తది, తిన్నది కక్కుతది, మలం విడుస్తది. రోగం పట్టించిందని గట్టిగా చూపిన సందర్భాలు మాత్రం ఈగతో పోలిస్తే తక్కువ. 1950లో అచ్చయిన ఒక వివరం ఉంది. బెల్జియం దేశం బ్రస్సెల్స్‌లో పసిపిల్లల వార్డులో సాల్మొనెల్లా విరేచనాలు ఎంత జాగ్రత్త పడ్డా ఆగలేదు. రాత్రి చూస్తే బొద్దింకలు పిల్లల పక్కల మీద పాకుతున్నయి. వాటిని చంపినంకే రోగం ఆగింది. ఇంకొకటి, బొద్దింక పొట్టు, మలం దుమ్మై గాలిలో కలిసి ఉబ్బసం ఉన్న పిల్లలకు ఆయాసం తెస్తది.

చిన్న బొద్దింక ఆడది ముప్పై నలభై గుడ్ల సంచిని తోకకు మోస్తూ తిరుగుతది. గుడ్లు పొదిగేదాకా ఆ సంచి రక్షణగా ఉంటది, మందు దాంట్లోకి సరిగ్గా దిగదు. అందుకే ఒక్కసారి కొట్టి "పోయినయి" అనుకున్నోళ్లకు నెలకు మళ్లీ కనబడతయి. దాని బలహీనత నీళ్లు. తిండి లేకున్నా నీళ్లుంటే నెల బతుకుతది, నీళ్లు లేకుంటే రెండు వారాల లోపల చస్తది. కాబట్టి రాత్రి వంటిల్లు ఎండిపోయి ఉండాలి. కారే నల్లా వాషర్ మార్చడం, పడుకునే ముందు తొట్టి, గట్టు తుడవడం, నీళ్ల గిన్నెలు బోర్లించడం. పదిరూపాయల వాషర్ చేసిన పని సీసాడు మందు చేయదు. గోడ పగుళ్లు, గొట్టం చుట్టూ సందులు సిమెంట్‌తో పూడ్చాలి. మోరికి జాలి పెట్టాలి. కోడిగుడ్ల అట్టలు, అట్టపెట్టెలు వంటింట్లో పేర్చొద్దు, బొద్దింకలు హాస్టల్‌కు వచ్చేది వాటిలోనే.

తగ్గిందా లేదా ఎట్లా తెలుస్తది? ఒక గాజు సీసా లోపలి అంచుకు నూనె రాయండి. బయట కాగితం చుట్టండి, ఎక్కడానికి. లోపల అరటి ముక్క వేసి రాత్రి పొయ్యి వెనక పెట్టండి. పడ్డవి పొద్దున లెక్క పెట్టి రాయండి. ఈగలకు ఒక తెల్ల అట్టముక్క, పోస్టుకార్డు అంత, వంటింట్లో ఈగలు వాలే చోట తగిలించండి. వారానికి దాని మీద చుక్కలు లెక్కపెట్టండి. కోళ్లఫారాల్లో వారానికి వంద దాటితే ఈగలు ఎక్కువని లెక్క. మనం వంద దాకా ఆగొద్దు, పోయిన వారం కంటే పెరిగిందా తగ్గిందా చూస్తే చాలు. పెరిగితే కుప్ప దగ్గరికి పోయి మట్టి తవ్వండి.

మందుల గురించి ఒక మాట. డీడీటీ వచ్చిన కొద్ది ఏండ్లకే, 1940ల చివరికే ఈగలు దానికి మొండికేసినయి. ఇప్పటి మందులకు చిన్న బొద్దింకలు చాలా చోట్ల మొండికేసినయి. పుట్టే చోటును వదిలి ఎగిరేవాటి మీద కొట్టడం అంటే నల్లా కట్టకుండా నేల తుడవడం. బోరిక్ ఆసిడ్ పొడి పనిచేస్తది. పిండి, చక్కెర, ఆ పొడి సమపాళ్లలో కలిపి, చిన్న ఉండలు చేసి, పొయ్యి వెనక, సందుల్లో, పిల్లలకు, వంట సామానుకు తగలని పొడి చోట్లనే పెట్టాలి. వారం పది రోజులు పడుతది. అది మనిషికి కూడా విషమే, డబ్బా మీద పేరు రాసి తాళం వేయాలి. కరెంటు బల్బు ఈగల యంత్రాన్ని వడ్డించే చోట పైన కట్టొద్దు, పేలిన ఈగ ముక్కలు అన్నంలోనే పడతయి.

చివరగా, ఈ పని ఎవరు చేయాలె? అసలు తగాదా ఇక్కడుంది. మేము చెప్పిన పనుల్లో మురికి పని ఉంది, అది మన పిల్లల నెత్తిన పడకూడదు. పాకీ పనిని 1993 చట్టం, 2013 చట్టం నిషేధించినయి. హాస్టల్‌కు కామాటి పోస్టు ఉంది. అది ఖాళీగా పెట్టి పిల్లలతో దొడ్లు కడిగిస్తే మనం ఒప్పుకోవద్దు. కామాటికి పొడుగు కట్టె పార, బూట్లు, చేతి తొడుగులు, సబ్బు, సరిపడా నీళ్లు ఉండాలి. పిల్లలు చేయాల్సింది లెక్క: మెస్ కమిటీ రిజిస్టర్‌లో ప్రతి సోమవారం అట్ట మీది చుక్కలు, సీసాలో బొద్దింకలు, ట్రాక్టర్ వచ్చిన తేదీలు, ఆ వారం విరేచనాలు పట్టినోళ్లు ఎందరో రాయాలి. నెత్తురు కనబడితే అదే రోజు ఆస్పత్రికి పోవాలి, పోయేదాకా ఓఆర్ఎస్ తాగిస్తుండాలి.

ఆ రిజిస్టర్ నాలుగు వారాలు నిండినంక గ్రామసభకు తీసుకపోండి. "ట్రాక్టర్ వారానికి ఒకసారే వచ్చింది, చుక్కలు ఇన్ని, రోగం వచ్చినోళ్లు ఇందరు" అని చదవండి. ఆ రోజు "మీకు శుభ్రం తెలియదు" అన్న మాట మన పిల్లల మీద పడదు, ట్రాక్టర్ ఎందుకు రాలేదన్న ప్రశ్న పడాల్సిన చోట పడుతది.

జై భీమ్!